కొత్త వార్డు ముందు ఐదు నిమిషాలు

శ్రోతలందరికీ నమస్కారం.

నేను పసిపిల్లల డాక్టరుని. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల కోసం మా ఆసుపత్రిలో కట్టిన కొత్త విభాగాన్ని ఈమధ్యే ప్రారంభించాం. ఆ రోజు మాట్లాడడానికి నాకు ఇచ్చింది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల మాటలు ఎలా తయారయ్యాయో ఇవాళ మీకు చెబుతాను.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, వేరే ఆసుపత్రిలో, ఇలాంటి సభలోనే నేను పాతిక నిమిషాలు మాట్లాడాను. అందరి పేర్లూ చదివాను. చివర్లో ఉత్సాహంగా, ఇక్కడ ఇకనుంచి రాత్రీపగలూ స్కానింగ్ ఉంటుందని కూడా చెప్పేశాను. మిషను వచ్చింది. రాత్రిపూట దాన్ని నడిపే టెక్నీషియన్ మాత్రం రాలేదు. ఆ తర్వాత చాలాకాలం, అర్ధరాత్రి వచ్చినవాళ్లు నన్ను అడిగేవాళ్లు: "ఆ రోజు మీరే చెప్పారు కదా డాక్టరుగారూ?" నా దగ్గర జవాబు ఉండేది కాదు. జనం మిగతా ప్రసంగమంతా మరిచిపోయారు, ఆ మాట ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు.

అందుకే ఈసారి రాసే ముందే గడియారం పెట్టుకున్నాను. నిలబడి, గొంతెత్తి, సభలో మాట్లాడినట్టే చదివితే నాకు నిమిషానికి సుమారు 100 మాటలు పట్టాయి. మనసులో చదువుకుంటే ఈ లెక్క తేలదు. మైకు ముందు ఇంకా నెమ్మదిగా మాట్లాడాలి, మధ్యలో ఆగాలి. కాబట్టి ఐదు నిమిషాలంటే 450 మాటలు. అంతే.

ఇక కృతజ్ఞతలు. నా చేతికిచ్చిన జాబితాలో నలభై పేర్లు ఉన్నాయి. అన్నీ చదివితే సమయమంతా దానికే సరిపోతుంది. పైగా నలభై పేర్లలో ఒక్కటి తప్పిపోయినా ఆ మనిషికి కష్టంగానే ఉంటుంది. అందుకని మొత్తం జాబితాను పెద్ద అక్షరాలతో రాయించి గుమ్మం పక్కన పెట్టించాం. నేను చెప్పింది మాత్రం మూడే. భవనానికి డబ్బిచ్చిన దంపతులకు ముందే ఫోన్ చేసి, మీ గురించి ఏం చెప్పమంటారని అడిగాను. మా పేర్లు వద్దు, మా పాప పేరు చాలన్నారు. అలాగే చెప్పాను. రెండోది, పాత వార్డులో ఇరుకులోనే ఇన్నాళ్లూ పని చేసిన నర్సుల గురించి. మూడోది మాత్రం కాస్త వివరంగా చెప్పాను. అది గ్యాస్ పైపులు వేసినవాళ్ల గురించి.

ప్రతి మంచం తల దగ్గర గోడలో రెండు పాయింట్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో ఆక్సిజన్, రెండోదాంట్లో మామూలు గాలి. ఈ రెండూ కలిపి పాపకు ఎంత కావాలో అంత ఇస్తాం. నెలలు నిండని పిల్లలకు ఆక్సిజన్ తక్కువైతే ప్రాణానికి ముప్పు, ఎక్కువైతే చూపుకు ముప్పు. గోడ వెనక రెండు పైపులు తారుమారైతే బయటినుంచి కంటికి ఏమీ తెలియదు. మా వాళ్లు ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూశారు. తర్వాత ఒక్కో పాయింటుకూ మీటరు పెట్టి, ఆక్సిజన్ అని రాసి ఉన్నచోట ఆక్సిజనే వస్తోందని తేల్చుకున్నారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక కూడా రెండోసారి మొదటి మంచం నుంచి చూసుకుంటూ వచ్చారు. ఇదే వేదిక మీద చెప్పాను. వెనక వరుసలో ఒకాయన తలవంచుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఫలానా పనికి అని చెప్పి ధన్యవాదం చెబితేనే అది మనిషికి చేరుతుందని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక ముందు ఏం చేయబోతున్నామన్నది. చిత్తుప్రతిలో "అత్యాధునిక", "ప్రపంచ స్థాయి" అని రాసుకున్నాను. కొట్టేశాను. ఆ మాటలు వినే తల్లికి ఏమని అర్థమవుతుంది? వాటి బదులు ఒక్క వాక్యం రాశాను: "ఈ వార్డులో ప్రతి పాప మంచం పక్కన తల్లికి మంచం ఉంటుంది."

ఇది ఎందుకు పెద్ద విషయమో చెప్పాలి. తక్కువ బరువు పాపకు టోపీ, డైపర్ మాత్రం ఉంచి, తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి గుడ్డతో కడతాం. కంగారూ తల్లి సంరక్షణ అంటాం. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. పాప పరిస్థితి కుదుటపడ్డాకే ఇలా చేయాలని చాలాకాలం అనుకున్నాం. భారత్‌తో సహా ఐదు దేశాల్లో చేసిన పరిశోధన ఫలితం 2021లో వచ్చింది. దాదాపు కిలో నుంచి కిలో 800 గ్రాముల మధ్య పుట్టిన పిల్లల్లో, కుదుటపడేదాకా ఆగినప్పుడు మొదటి 28 రోజుల్లో నూటికి సుమారు 16 మంది చనిపోయారు. పుట్టిన వెంటనే మొదలుపెట్టినప్పుడు 12 మంది. సభలో నేను శాతాలు చెప్పలేదు. "నూటికి నలుగురు ఎక్కువగా బతుకుతారు" అన్నాను. హాలు నిశ్శబ్దమైపోయింది.

అయితే తల్లి పక్కనే ఉండాలంటే ఆమెకు స్నానాల గది కావాలి, తిండి కావాలి, బాలింతగా ఆమె వైద్యం కూడా అక్కడే జరగాలి. రాత్రిపూట చూసుకునే నర్సులు కావాలి. మాకు మంచాలు 12 ఉన్నాయి, నర్సులు మాత్రం 8 మంచాలకే సరిపోతారు. ఈ మాట చెప్పవద్దని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. శుభమా అని తెరుస్తూ లోటు ఎందుకు చెప్పడమన్నారు. నేను చెప్పాను. "ఈ రోజు 8 మంచాలే తెరుస్తున్నాం. మిగతా నాలుగూ నర్సులు వచ్చాక తెరుస్తాం." పన్నెండు అని ప్రకటిస్తే, తొమ్మిదో పాపను తీసుకొచ్చే నాన్నకు గుమ్మంలో ఏం చెప్పాలి?

ఒకటి వద్దనుకున్నాను, అదీ చెబుతాను. కోలుకుంటున్న పాపనూ తల్లినీ వేదిక మీదికి పిలుద్దామని ఎవరో అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ బిడ్డ ఇంకా మా చేతుల్లో ఉన్న తల్లి, డాక్టరు అడిగితే కాదనగలదా? పిలవలేదు.

చివరి అరనిమిషం ఇలా రాసుకున్నాను. "మీరంతా లోపలికి వచ్చి చూడండి. చెప్పులు బయట విడవండి. మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కోండి. ఐదుగురేసి రండి. పక్కనే పాత వార్డులో పిల్లలు నిద్రపోతున్నారు, రిబ్బన్ కత్తిరించినప్పుడు చప్పట్లు కొట్టవద్దని కోరుతున్నాను. మీరు చూసి వెళ్లాక ఈ రాత్రి గదులన్నీ మళ్లీ శుభ్రం చేస్తాం. రేపు ఉదయం మొదటి పాపను తల్లితో పాటు ఇక్కడికి తీసుకొస్తాం."

నాలుగు నిమిషాల యాభై సెకన్లు పట్టింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. చేతులు కడుక్కోవడానికి వరుసలో నిలబడ్డారు.