కొన కాదు, మొదలు చూడాలి: లిథియం డెండ్రైట్ల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. రెండు పల్చని లిథియం బిళ్ళల మధ్య, అవి ఒకదాన్నొకటి తాకకుండా సెపరేటర్ అనే సన్నరంధ్రాల పొర పెట్టి, లిథియం అయాన్లు అటూ ఇటూ నడవడానికి నాలుగు చుక్కల ఎలక్ట్రోలైట్ ద్రవం వేసి, చొక్కా గుండీ అంత సెల్ ఒకటి బిగించాను. ఒక గంట లిథియాన్ని ఇటు నుంచి అటు పంపడం, మరో గంట అటు నుంచి ఇటు తేవడం, రోజుల తరబడి ఇదే పని. అలా పంపడానికి కొన్ని పదుల మిల్లీవోల్టులు కావాలి. నా సెల్‌లో ఆ వోల్టేజి మొదట్లో మెల్లగా పెరుగుతూ వచ్చింది. తర్వాత ఒక రాత్రి ఉన్నట్టుండి దిగింది. దిగి, స్కేలు పెట్టి గీసినట్టు అక్కడే నిలబడిపోయింది. సెల్ కుదురుకుంది అనుకున్నాను. గ్రాఫు ప్రింటు తీసి మా సీనియర్‌కి చూపించాను కూడా.

ఆయన మెచ్చుకోలేదు. "ఒకవైపే లాగుతూ పో. లిథియం అయిపోతుందేమో చూద్దాం" అన్నారు. మా బిళ్ళ మందం 50 మైక్రాన్లు. చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీయాంపియర్ చొప్పున లాగితే పది గంటల్లో ఒక బిళ్ళ ఖాళీ అయిపోవాలి. అయిపోగానే వోల్టేజి నిటారుగా లేవాలి. మర్నాడు వచ్చి చూస్తే పదహారు గంటలు దాటింది, గీత కదల్లేదు. లేని లిథియం ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎక్కణ్ణుంచీ రావడం లేదు. లోపల అయాన్ల ప్రయాణం ఎప్పుడో ఆగిపోయింది. ఒక లిథియం పోగు సెపరేటర్‌ను దాటి రెండో బిళ్ళను తాకింది, కరెంటు ఆ పోగు గుండా తీగలో పోయినట్టు పోతోంది. నేను మురిసిపోయిన ఆ నిలకడ షార్ట్ సర్క్యూట్‌ది.

ఈ పోగునే డెండ్రైట్ అంటాం. అది ఎలా పుడుతుందో, ఎందుకు ఆపలేకపోతున్నామో ఇవాళ చెప్పుకుందాం.

లిథియం లోహం మీద ఇంత మోజు ఎందుకో ఒక్క అంకె చాలు. ఇప్పటి బ్యాటరీల యానోడ్‌లో ఉండే గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీయాంపియర్ అవర్ల చార్జి దాచుకుంటుంది. లిథియం లోహం 3860 దాచుకుంటుంది. పది రెట్లు. అయితే ఒక తేడా ఉంది. గ్రాఫైట్‌లో లిథియం అరల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. లోహపు యానోడ్‌లో అరలంటూ ఏమీ లేవు. చార్జింగ్ అంటే పైన కొత్త లోహం పేరుకోవడం, వాడటం అంటే ఆ లోహం కరిగిపోవడం. ప్రతిసారీ యానోడ్‌ను కొత్తగా కడుతున్నామన్నమాట. కట్టే మేస్త్రీ మాత్రం ఎవరూ లేరు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీయాంపియర్ అవర్ల చార్జి పెట్టామనుకోండి, మామూలు సెల్‌లో ఉండేదే. అది సమంగా పరుచుకుంటే 15 మైక్రాన్ల పొర అవుతుంది. సెపరేటర్ మందం 20 మైక్రాన్లు అనుకుందాం. దీన్ని దాటడానికి 1 మైక్రాన్ లావున్న సూది ఒకటి చాలు. ఆ సూదికి ఎంత లిథియం కావాలో లెక్కగట్టండి: మనం పేర్చిన లోహంలో పది కోట్లలో ఒక వంతు. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నేను సున్నాలు రెండుసార్లు సరిచూసుకున్నాను. అంటే తొంభై తొమ్మిది శాతం లిథియం బుద్ధిగా పరుచుకున్నా లాభం లేదు. సగటు బాగుండటం ఇక్కడ దేనికీ పనికిరాదు, మొత్తం విస్తీర్ణంలో ఒక్క చోట తేడా వస్తే సెల్ పోయినట్టే.

సరే, ఆ ఒక్క చోటు ఎలా తయారవుతుంది? ఎక్కువ పుస్తకాల్లో కనిపించే బొమ్మ ఇలా ఉంటుంది. లోహం దగ్గర అయాన్లు ఖర్చయిపోతాయి, దూరం నుంచి కొత్తవి రావడం ఆలస్యమవుతుంది. పొరపాటున ఒక మిట్ట ముందుకు పొడుచుకొస్తే దానికి అయాన్లు ముందు అందుతాయి, కాబట్టి అది ఇంకా ముందుకు పెరుగుతుంది. ఉన్నవాడికే ఇంకా చేరినట్టు. ఇలా ఉపరితలం దగ్గర అయాన్లు సున్నాకి పడిపోవడానికి పట్టే సమయాన్ని హెన్రీ శాండ్ 1901లోనే లెక్కగట్టాడు, దాన్ని శాండ్ టైమ్ అంటారు. బొమ్మ తప్పు కాదు. కానీ మన బ్యాటరీల్లో ఎక్కువగా జరిగేది అది కాదని నా అభిప్రాయం. ఇరవై మైక్రాన్ల సందులో అయాన్లు నడవాల్సిన దూరం చాలా తక్కువ. వాటిని పూర్తిగా ఖాళీ చేయాలంటే చదరపు సెంటీమీటరుకు పదుల మిల్లీయాంపియర్లు కావాలి. మనం చార్జ్ చేసేది ఒకటి నుంచి ఐదు. అయినా సెల్ చచ్చిపోతోంది కదా. మరి కారణం ఎక్కడుంది?

లిథియం చర్మంలో ఉంది. లిథియం ఎలక్ట్రోలైట్‌ను తాకిన మరుక్షణం దానితో చర్య జరిపి, తన మీద తానే ఒక పల్చని పొర కప్పుకుంటుంది. మందం కొన్ని పదుల నానోమీటర్లు. 1979లో ఇమాన్యుయేల్ పెలెడ్ దీనికి పెట్టిన పేరును పొట్టిగా ఎస్‌ఈఐ అంటారు, నేను చర్మం అనే అంటాను. ఇది లిథియం అయాన్లను లోపలికి రానిస్తుంది, ఎలక్ట్రాన్లను బయటికి పోనివ్వదు. ఈ పొర లేకపోతే లిథియం ఎలక్ట్రోలైట్‌ను తింటూనే ఉండేది. అంత మేలు చేసే పొరే తగువు కూడా తెస్తుంది, ఎందుకంటే అది అంతటా ఒకేలా ఉండదు. ఒకచోట మందం, ఒకచోట పల్చన, ఇంకోచోట వేరే లవణం ముద్ద. అయాన్లు సులువైన దారి వెతుక్కుంటాయి కాబట్టి పల్చని చోటే ఎక్కువ లోహం చేరుతుంది. ఆ చేరేది చర్మం పైన కాదు, కింద. లోహం ఉబ్బుతుంది, చర్మం సాగలేదు, చిరుగుతుంది. చిరిగిన చోట తాజా లిథియం బయటపడుతుంది. అక్కడ చర్మం మళ్ళీ కట్టేలోపు, మిగతా అన్నిచోట్ల కన్నా అయాన్లకు అదే సులువైన దారి. కింద చేరుతున్న లోహం ఆ చిరుగులోంచి పోగులా బయటికి నెట్టుకొస్తుంది.

అది పెరిగే తీరు వెంట్రుక లాంటిది. వెంట్రుక కొన దగ్గర పెరగదు, కుదుళ్ళ దగ్గర పెరిగి కొనను ముందుకు తోస్తుంది. ఈ పోగుల్లో కూడా కొన దగ్గరుండేదే అన్నిటికన్నా పాత లిథియం. ఇలాంటి పోగులు వేలకొద్దీ పుట్టి చిక్కుపడితే పైన నాచు పట్టినట్టు ఉంటుంది, అందుకే దీన్ని నాచు లిథియం అంటారు. 2016లో ఎంఐటీ పరిశోధకులు సన్నని గాజు గొట్టంలో లిథియాన్ని పెంచుతూ మైక్రోస్కోపు కింద చూశారు. మొదట కుదుళ్ళ నుంచి పెరిగే నాచు వచ్చింది. శాండ్ టైమ్ దాటాక ఒక్కసారిగా తీరు మారి, కొన నుంచి పెరిగే అసలైన చెట్టు కొమ్మల డెండ్రైట్ దూసుకుపోయింది. ఇంకో సంగతి గమనించారు. నానోమీటర్ల రంధ్రాలున్న గట్టి పింగాణీ సెపరేటర్ నాచును ఆపగలిగింది, కొమ్మల డెండ్రైట్‌ను ఆపలేకపోయింది. కొమ్మలు మన సెల్స్‌లో అసలే రావని నేను అనడం లేదు. సెపరేటర్ రంధ్రాలు చెత్తతో కొన్నిచోట్ల మూసుకుపోతే, మొత్తం కరెంటు మిగిలిన కాస్త చోటు మీద పడుతుంది. సగటున 3 మిల్లీయాంపియర్లే అయినా అక్కడ దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అప్పుడు రెండో రకం కూడా మొలుస్తుంది.

పోగు అవతలి వైపు తాకాక ఏమవుతుంది? మన సూదినే తీసుకుందాం, 20 మైక్రాన్ల పొడవు, 1 మైక్రాన్ లావు. దాని నిరోధం సుమారు రెండున్నర ఓమ్‌లు. అవతల నాలుగు వోల్టుల కేథోడ్ ఉంటే అందులో ఒక ఆంపియర్‌కి పైగానే పారాలి. కంటికి కనపడని పోగుకి అది మోయలేని బరువు, మైక్రోసెకను కూడా పట్టకుండా కరిగి తెగిపోతుంది. ఫ్యూజు ఎగిరినట్టే. అందుకే తొలి షార్టులు చాలావరకు చడీచప్పుడు లేకుండా పోతాయి. చార్జింగ్ గీతలో వోల్టేజి చిన్నగా దిగి లేస్తుంది, పక్కన పెట్టిన సెల్ ఉండాల్సిన దానికన్నా త్వరగా వోల్టేజి పోగొట్టుకుంటుంది, పెట్టిన చార్జి కన్నా తక్కువ తిరిగొస్తుంది. ఇవి చూసీ చూడనట్టు వదిలేయకూడని గుర్తులు. పోగులు గుంపుగా తాకినప్పుడు తెగవు, వేడెక్కుతాయి. పాలిథిలీన్ సెపరేటర్ 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగి ముడుచుకుంటే సూది మొనంత బొక్క పెద్దదవుతుంది, యానోడ్, కేథోడ్ నేరుగా కలుస్తాయి. ఎలక్ట్రోలైట్ మండే ద్రవం. ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. 1989లో జపాన్‌లో సెల్‌ఫోన్‌లో మంటలొచ్చాక, కెనడాకు చెందిన మోలీ ఎనర్జీ తన లిథియం లోహపు సెల్స్‌ను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. రెండేళ్ళకు, 1991లో, సోనీ కార్బన్ యానోడ్‌తో లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి పెట్టింది. పది రెట్ల లాభాన్ని వదులుకుని అరల్లో దాచుకోవడాన్నే ప్రపంచం ఎంచుకుంది.

మంటల గురించి అందరూ మాట్లాడతారు. లోహపు యానోడ్‌ను నిజంగా వెనక్కి పట్టి లాగుతున్నది ఇంకొకటి, దానికి శబ్దం ఉండదు. నాచులోని పోగు కరిగేటప్పుడు కొన నుంచే కరగాలని రూలేమీ లేదు. కుదురు దగ్గర ముందు కరిగితే పై ముక్క తెగిపోతుంది. అది ఇంకా లోహమే, కానీ కరెంటుతో సంబంధం తెగింది, చుట్టూ చర్మం కప్పుకుని పడి ఉంటుంది. దీన్నే డెడ్ లిథియం అంటాం. వంద చార్జిల్లో ప్రతిసారీ ఒక శాతం ఇలా పోతే మిగిలేది 37 శాతం. వెయ్యి సార్లు తిరిగాక 80 శాతం మిగలాలంటే ఒక్కోసారి పోయేది పదివేలలో రెండు వంతులు దాటకూడదు. దీన్ని కప్పిపుచ్చడానికి ల్యాబుల్లో మందపాటి లిథియం రేకు పెడతారు. పోయినా మిగులు నుంచి పూడుతుంది, గ్రాఫు బాగుంటుంది. కానీ ఆ అదనపు లోహం బరువు కలిపితే పది రెట్ల లాభం కరిగిపోతుంది.

గట్టి గోడ కట్టేస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. మన్రో, న్యూమన్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో లెక్కగట్టారు: సెపరేటర్ బిరుసుదనం లిథియానికి రెండింతలుంటే పొడుచుకొచ్చే లోహం అణిగిపోవాలి. ఎల్‌ఎల్‌జెడ్‌ఓ అనే పింగాణీ ఎలక్ట్రోలైట్ దానికన్నా ఎన్నో రెట్లు బిరుసు. అయినా ఒక హద్దు దాటి కరెంటు పెడితే లిథియం దాన్ని కూడా దాటేసింది. వాళ్ళ లెక్క లోపం లేని గోడకు వేసింది. నిజమైన పింగాణీలో వెంట్రుకవాసి పగుళ్ళు ఉంటాయి. లోహం పగుల్లోకి చేరి నిండుతుంది, వెనక నుంచి ఇంకా వస్తూనే ఉంటుంది, పగులు పెదవులను విడదీస్తుంది. మేకు మీద మేకు దిగినట్టు పగులు ముందుకు పోతుంది, లోహం వెనకే పోతుంది. మెత్తని లిథియం గట్టి పింగాణీని చీలుస్తుంది.

నా సెల్ సంగతి చెప్పడం మర్చిపోయాను. గ్లవ్‌బాక్స్‌లో విప్పి చూశాం. మెరిసే బిళ్ళ ఉండాల్సిన చోట బూడిద రంగు పొడి ఉంది, గీకితే రాలింది. సెపరేటర్‌ను దీపానికి అడ్డం పెడితే బొక్క ఏదీ కనిపించలేదు. ఒక మూల మాత్రం ఆవగింజలో సగం కూడా లేని నల్ల మచ్చ ఉంది.