బిల్లు లేని నూనె డబ్బా

(నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో కిరాణా, ధాన్యం వ్యాపారుల సమావేశంలో రిటైర్డ్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రంగనాయకుల గుడికి పోయి దర్శనం చేసుకుని బయటికొచ్చారు. హడావిడిలో మీ చెప్పులనుకుని పక్కవాళ్ల చెప్పులు వేసుకుని ఇంటికి పోయారు. అది దొంగతనమా? కాదు. ఎదుటివాడి వస్తువును అన్యాయంగా తీసుకోవాలన్న బుద్ధి ఉంటేనే దొంగతనం. పాత పీనల్ కోడ్‌లోనూ ఇంతే, ఇప్పటి న్యాయ సంహితలోనూ ఇంతే. ఆ బుద్ధినే మా నల్లకోటు వాళ్లు మెన్స్ రియా అంటారు. తెలుగులో దురుద్దేశం అనుకోండి. చేత్తో చేసిన పని ఒకటి, దాని వెనకున్న మనసు ఒకటి, రెండూ రుజువైతేనే నేరం. మామూలు లెక్క ఇది.

ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఎక్కువమంది మీద రేపెప్పుడైనా కేసంటూ పడితే ఈ లెక్క పనిచేయని కేసే పడుతుంది. అందుకే ఈ సాయంత్రం దాని గురించి మాట్లాడదామని ఒప్పుకున్నాను.

ఒక కేసు చెబుతాను. 1980ల చివర్లో, కావలి వైపు. పేరు అనవసరం. చిన్న కిరాణా కొట్టు, లూజు వేరుశనగ నూనె అమ్మేవాడు. ఒకరోజు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి డబ్బు కట్టి నూనె కొని, మూడు సీసాల్లో సమానంగా పోయించి, మూతలు బిగించి, కాగితం చుట్టి, దారం కట్టి, లక్కతో సీలు వేశాడు. ఒక సీసా ల్యాబుకు పోయింది. వేరుశనగ నూనెలో పత్తి గింజల నూనె కలిసిందని రిపోర్టు వచ్చింది. దానికి హాల్ఫెన్ పరీక్ష అని ఉంటుంది. గంధకం కలిసిన ద్రావణం పోసి వేడి చేస్తే, పత్తి గింజల నూనె ఉన్న చోట ఎర్ర రంగు తేలుతుంది. కంటితో చూసినా, వాసన పట్టినా కొట్టువాడికి తెలిసే విషయం కాదది.

ఆ కేసులో ప్రభుత్వం తరఫున నిలబడింది నేనే. వాయిదా రోజున కోర్టు వరండాలో నా దగ్గరికొచ్చి, "సామీ, నేను కలపలేదు. డబ్బా ఎట్టా వచ్చిందో అట్టే అమ్మినాను. నా బిడ్డలు తినేది కూడా ఆ నూనే" అన్నాడు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అయినా లోపలికి పోయి అతనికి శిక్ష పడేలా వాదించాను, పడింది.

ఎందుకంటే అప్పటి కల్తీ నిరోధక చట్టం, 1954 నాటిది, 19వ సెక్షన్‌లోనే తేల్చి చెప్పింది: సరుకు నాణ్యత సంగతి నాకు తెలియదని అమ్మినవాడు అనడం డిఫెన్సే కాదు. నేను రుజువు చేయాల్సినవి రెండే. అమ్మింది ఇతను. అమ్మిన సరుకు కల్తీది. అతని మనసులో ఏముందో నేను ముట్టుకోనక్కర్లేదు. 1976 సవరణ తర్వాత కనీస శిక్ష ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. జడ్జి గారికి జాలి కలిగినా, మామూలుగా అంతకంటే తగ్గించే వీలు లేదు.

ఇదే స్ట్రిక్ట్ లయబిలిటీ. కఠిన బాధ్యత అని పుస్తకాల్లో రాస్తారు.

ఇది మనవాళ్లు కనిపెట్టింది కాదు. 1846లోనే ఇంగ్లండులో ఒక పొగాకు వ్యాపారిపై ఇట్లాంటి కేసు నడిచింది. అతని దగ్గరున్న పొగాకులో కల్తీ ఉంది, రసాయన పరీక్ష చేస్తే తప్ప అతనికి తెలిసే దారి లేదు. అయినా బాధ్యుణ్ణి చేశారు. పొగాకంటే ఒంగోలు, కందుకూరు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, బేళ్లలో లోపల ఏముందో పైనుంచి ఎవరికి తెలుస్తుంది!

కోర్టులు ఇంత మొండిగా ఎందుకుంటాయి? దీనికి నాకు తోచిన జవాబు ఇది. నూనె కొనే ఇల్లాలికి పరీక్షించే దారి లేదు. కలిపినవాడు కలిపానని ఒప్పుకోడు. 'నాకు తెలియదు' అన్న మాట చెల్లుతుందంటే ప్రతి కేసులోనూ అదే మాట వస్తుంది, అబద్ధమని రుజువు చేయడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. ఆ వరసలో సరుకు ఎక్కడ కొన్నదీ, ఎట్లా కొన్నదీ ఎంచుకునే వీలున్నవాడు వ్యాపారి ఒక్కడే. కాబట్టి చట్టం బరువు తెచ్చి అతని నెత్తిన పెట్టింది. మనసు చూడను, జాగ్రత్త చూస్తాను అంది.

ఆ జాగ్రత్త దగ్గరే మా కావలి ఆయన చిత్తయ్యాడు. అదే 19వ సెక్షన్‌లో ఒక తలుపు తెరిచి ఉంది. సరుకును సరైన చోట వారంటీ రాయించుకుని కొన్నాను, బాగా భద్రపరిచాను, కొన్నది కొన్నట్టే అమ్మాను అని రుజువు చేస్తే అతను బయటపడతాడు. వారంటీ అంటే పెద్ద స్టాంపు కాగితమేమీ కాదు. హోల్‌సేల్ వాడిచ్చే బిల్లునే వారంటీగా భావించాలని 14వ సెక్షన్‌లో ఉంది. బిల్లు చూపించి ఉంటే నా చూపు మిల్లు వైపు తిరిగేది. కానీ సేల్స్ ట్యాక్స్ కలిసొస్తుందని డబ్బాకు నాలుగు రూపాయలు తక్కువకి బిల్లు లేకుండా తెచ్చుకున్నాడు. ఆ నాలుగు రూపాయలకు ఆరు నెలలు పడింది. అప్పీలులోనూ నిలబడలేదు.

సరే, ఇది నూనె సంగతి. ధాన్యం వాళ్లు 'మాకేం?' అనుకోకండి. మీ కథ ఇంకా గమ్మత్తుగా ఉంటుంది.

మధ్యప్రదేశ్‌లో నాథూలాల్ అని ఒక ధాన్యం వ్యాపారి. అక్కడ 1958లో లైసెన్సింగ్ ఆర్డర్ వచ్చింది, లైసెన్స్ లేకుండా పరిమితికి మించి ధాన్యం నిల్వ చేయకూడదని. ఈయన దరఖాస్తు పెట్టాడు, ఫీజు కట్టాడు. రేపోమాపో లైసెన్స్ వస్తుంది, ఫర్వాలేదన్న మాటా ఆఫీసు నుంచి విన్నాడు. ఆ ధైర్యంతో గోధుమలు కొన్నాడు. కొన్నదంతా లెక్క రాసి రిటర్నులు ఆ ఆఫీసుకే పంపించాడు. 1960లో తనిఖీకి వచ్చి చూస్తే సుమారు 885 మణుగుల గోధుమలున్నాయి, లైసెన్స్ లేదు. నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు. హైకోర్టు శిక్ష వేసింది.

సుప్రీంకోర్టు 1965లో వదిలేసింది. ఆ తీర్పు రాసినవాళ్లలో ఒకరు మన రాజమండ్రి మనిషి, జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: మెన్స్ రియా అక్కర్లేదని చట్టం నోరు తెరిచి చెప్పాలి, లేదా అది లేకుండా చేస్తేనే చట్టం ఉద్దేశం నెరవేరుతుందని స్పష్టంగా తేలాలి. రెండూ లేనప్పుడు మనసు చూడాల్సిందే. దాచుకునేవాడు రిటర్నులు పంపడు కదా!

అంతకు ముందు సంవత్సరమే, 1964లో, ఒక విదేశీయుడు 34 కిలోల బంగారంతో విమానంలో బొంబాయి మీదుగా పోతూ పట్టుబడిన కేసులో ఆయన ఇదే మాట అన్నాడు. అప్పుడు మిగతా ఇద్దరు జడ్జీలు ఒప్పుకోలేదు. బంగారం మీద కొత్త నోటిఫికేషన్ గెజిట్‌లో పడింది 1962 నవంబరు 24న, ఆ మనిషి ఎక్కిన విమానం బొంబాయిలో దిగింది 28న. తెలియదన్న మాట చెల్లలేదు, నేరం ఖాయమైంది. ఆ కేసులో ఓడిన వాదన నాథూలాల్ కేసులో గెలిచింది. సుబ్బారావు గారి వైపే నా మొగ్గు, దాచను.

ఈ తీర్పు పార్లమెంటుకు నచ్చలేదు. అదంతా కరువు కాలం, ధాన్యం దాచేవాళ్ల మీద జనం మండిపడుతున్నారు. 1967లో సవరణ తెచ్చి 7వ సెక్షన్‌లో 'తెలిసిగానీ, కావాలనిగానీ, మరోలాగానీ' అన్న అర్థం వచ్చే మాటలు పెట్టారు. సుబ్బారావు గారు చట్టం నోరు తెరిచి చెప్పాలన్నారు కదా, చెప్పేశారు. ఆ 'మరోలాగానీ' అన్న ఒక్క మాటతో నాథూలాల్‌లాంటి వాళ్లకి దారి మూసుకుపోయింది.

ఏడేళ్లకు, 1974లో, మళ్లీ మార్చారు. ఆ మాటలు తీసేసి 10సి అని కొత్త సెక్షన్ పెట్టారు. దాని ప్రకారం నిందితుడికి దురుద్దేశం ఉందనే కోర్టు ముందే అనుకుంటుంది. లేదని నిందితుడే రుజువు చేసుకోవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది జూనియర్లు కూడా చూసుకోరు. మామూలుగా నిందితుడు ఏదైనా రుజువు చేయాలంటే, అలా జరిగి ఉండొచ్చు అని చూపిస్తే చాలు. 10సి కింద అది సరిపోదు. అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాలి. ప్రాసిక్యూటర్ మోయాల్సిన బరువంతా తీసి మీ భుజానికెత్తారు. పేరుకి మనసును తిరిగి తెచ్చారు గానీ, గోదాములో బస్తాలకు రిజిస్టరులో లెక్క లేనివాడికి ఒరిగిందేమీ లేదు.

నూనె దగ్గరికే మళ్లీ వస్తాను. పాత కల్తీ చట్టం పోయి, 2006 నాటి ఆహార భద్రతా చట్టం 2011 ఆగస్టు 5 నుంచి దాని స్థానంలో నడుస్తోంది. నాసిరకం సరుకైతే ఇప్పుడు జైలు లేదు, జాయింట్ కలెక్టర్ ముందు విచారణ, ఐదు లక్షల దాకా జరిమానా. తినేవాడికి హాని చేసే సరుకైతే మాత్రం కోర్టు, జైలు అన్నీ ఉన్నాయి. ఈ మార్పు మంచిదే అంటాను. మనసు చూడకుండా జరిమానా వేస్తే ఒప్పుకుంటాను. మనసు చూడకుండా మనిషిని జైలుకు పంపడం నా చేతులతో నేనే చేశాను, అది సరైన పని అని ఇప్పటికీ అనలేను.

మనసు సంగతి మాత్రం కొత్త చట్టమూ పట్టించుకోదు. 80వ సెక్షన్ చదవండి. 'సరుకు మంచిదని నిజాయితీగా నమ్మాను, నమ్మడానికి కారణాలూ ఉన్నాయి' అన్నా అది డిఫెన్స్ కాదని అందులో విడిగా రాసి ఉంది. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని రుజువు చేస్తే మాత్రం డిఫెన్స్. పైకి రెండూ ఒకటేలా కనిపిస్తాయి గానీ కాదు. నమ్మకం మీ గుండెలో ఉంటుంది, జాగ్రత్త కాగితం మీద ఉంటుంది. ఎవరి దగ్గర కొన్నారు, వాడికి లైసెన్స్ ఉందా, బ్యాచ్ నంబరు బిల్లులో ఉందా, వచ్చిన డబ్బా సీలు చూశారా, అనుమానం వచ్చినప్పుడు ఏం చేశారు, ఇవీ అడుగుతారు.

శాంపిల్ తీసేటప్పుడు ఇప్పుడు నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి అనలిస్టుకు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసరు దగ్గరకు పోతాయి. నాలుగోది, మీరు అడిగితే, మీ ఖర్చు మీద గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపించాలి. అడగాలని చాలామందికి తెలియదు. ఆ టెన్షన్‌లో చేతులు కట్టుకుని నిలబడి చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తారు. అడగండి, అడిగానని అక్కడే రాయించండి. రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. ఆ 30 రోజులు వకీలు కోసం వెతుక్కుంటూ గడిపేసి 31వ రోజు నా ఇంటికొచ్చిన వాళ్లున్నారు.

కావలి ఆయన శిక్ష అయిపోయి వచ్చాక మళ్లీ కొట్టు తెరిచాడు. కొన్నేళ్ల తర్వాత అటు పోతూ ఆగాను. నన్ను గుర్తుపట్టాడు, సోడా తెప్పించాడు. గల్లాపెట్టె పైన మేకుకి వంచిన ఇనప కమ్మీ వేలాడుతోంది, దానికి పైనుంచి కిందిదాకా బిల్లులు గుచ్చి ఉన్నాయి, కిందివి పసుపు రంగుకు తిరిగాయి. లూజు నూనె మాత్రం అమ్మడం మానేశాడు.