రిటర్న్ ఇచ్చిన వస్తువుకి డబ్బులు తక్కువ ఎందుకు పడతాయి?

(విజయనగరంలో వినియోగదారుల కోసం జరిగిన సభలో ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

ఈరోజు ఒక్క విషయమే మాట్లాడతాను. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు వెనక్కి ఇచ్చాం. కొరియర్ కుర్రాడు ఇంటికొచ్చి పట్టుకెళ్లాడు. డబ్బులు పడ్డాయి కానీ కట్టినంత పడలేదు. తగ్గిన సొమ్ములో అమ్మినవాడు కోసుకునే హక్కున్నది ఏది, మనం గట్టిగా అడగవలసింది ఏది? ఈ రెండూ విడదీయడం తెలిస్తే చాలు.

ముందు ఒక లెక్క వేద్దాం. చీపురుపల్లిలో ఒకావిడ ఓ అమ్మకందారు సొంత వెబ్‌సైట్‌లో మిక్సీ కొన్నారనుకోండి. మిక్సీ ధర 3,200 రూపాయలు, డెలివరీకి 120, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టినందుకు 50. మొత్తం 3,370 కట్టారు. తీరా పెట్టె విప్పి పప్పు నానబోసి రుబ్బితే జార్ అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. వెంటనే రిటర్న్ పెట్టారు. ఫోన్ కారణం అడిగింది. జాబితాలో మొదట కనబడిన ‘ఇక అవసరం లేదు’ అన్నదాన్ని నొక్కేశారు. వారం తర్వాత ఖాతాలో 2,670 పడింది. 700 రూపాయలు తక్కువ.

ఆ 700 ఇలా పోయింది. డెలివరీ 120, క్యాష్ ఆన్ డెలివరీ 50 వెనక్కి ఇవ్వలేదు. వస్తువు ఇంటి నుంచి తీసుకెళ్లినందుకు 210 కోశారు. దానిపైన రీస్టాకింగ్ చార్జీ అని ధరలో పది శాతం, 320 కోశారు. రీస్టాకింగ్ అంటే వెనక్కి వచ్చిన సరుకును పరీక్షించి, మళ్లీ ప్యాక్ చేసి, అమ్మకానికి పెట్టే ఖర్చు. సీలు విప్పిన మిక్సీని కొత్తదిగా అమ్మలేరు గనుక ఆ నష్టంలో కొంత కొన్నవాళ్ల మీద వేస్తారు.

ఆ 210 మీకు ఎక్కువ అనిపించొచ్చు. కొరియర్లు బరువొక్కటే చూడవు, పెట్టె సైజు కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కంపెనీలు 5000తో భాగిస్తాయి. మిక్సీ పెట్టె 40, 35, 30 సెంటీమీటర్లయితే 42,000 వస్తుంది, 5000తో భాగిస్తే 8.4 కిలోలు. లోపల మిక్సీ 5 కిలోలే ఉన్నా బిల్లు 8.4 కిలోలకు పడుతుంది. దిండ్లు, ప్లాస్టిక్ డబ్బాలు, కుర్చీలు వెనక్కి పంపినప్పుడు ఈ లెక్క ఇంకా ఎక్కువ దెబ్బ కొడుతుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. మిక్సీలో లోపం ఉంది, కానీ ఆవిడ నొక్కిన కారణం ప్రకారం మిక్సీ బాగానే ఉంది, ఆవిడకే అక్కర్లేకపోయింది. ఈ రెండింటికీ చట్టం దృష్టిలో చాలా దూరం.

మనసు మారి వెనక్కి ఇవ్వడం అన్నది మన దేశంలో చట్టం ఇచ్చిన హక్కు కాదు. అది అమ్మినవాడి పాలసీ. ఇస్తానంటే ఇస్తాడు, ఏ షరతులతో ఇస్తానన్నాడో ఆ షరతులు కొనే ముందే స్పష్టంగా చూపించి ఉంటే ఆ మేరకు కోసుకోవచ్చు కూడా. రంగు నచ్చలేదనో, సైజు సరిగ్గా చూసుకోలేదనో వెనక్కి ఇస్తూ పికప్ చార్జీ ఎందుకు కోశారని పోట్లాడితే మన మాట నిలవదు.

లోపం ఉంటే సంగతి వేరు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల్లో సొంత వెబ్‌సైట్‌లో అమ్మేవాళ్లకి 7(4) అని ఒకటి, వేరేవాళ్ల వెబ్‌సైట్‌లో సరుకు పెట్టి అమ్మేవాళ్లకి 6(3) అని ఒకటి ఉన్నాయి. రెండూ చెప్పేది ఒకటే. సరుకులో లోపం ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన గుణాలు లేకపోయినా, చెప్పిన తేదీ దాటి ఆలస్యంగా వచ్చినా అమ్మినవాడు దాన్ని వెనక్కి తీసుకోననీ, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వననీ అనడానికి వీల్లేదు. ఆలస్యం తుపాను లాంటి వాటి వల్ల అయితే మాత్రం మినహాయింపు ఉంది. అక్టోబరు, నవంబరుల్లో శ్రీకాకుళం తీరంలో ఉండేవాళ్లకి ఆ మినహాయింపు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ‘నో రిటర్న్’ అని పెద్ద అక్షరాలతో రాసుకున్నా సరే, లోపమున్న వస్తువు దగ్గర ఆ రాత చెల్లదు. అదే నిబంధనల్లో, రిటర్న్ రవాణా ఖర్చు సంగతి స్పష్టంగా, అందరికీ కనబడేలా చెప్పాలని కూడా ఉంది. కాబట్టి ముందు ఎక్కడా చెప్పని చార్జీని తర్వాత కోశారంటే, అది మనసు మారిన రిటర్న్ అయినా అడగొచ్చు.

అందుకే కారణం ఎంచుకునే ఆ ఒక్క తెర దగ్గర ఆగండి. ఏది నొక్కితే పని త్వరగా అవుతుందా అని కాకుండా, జరిగింది ఏదో అదే నొక్కండి. కింద రాసే చోటు ఉంటే ‘జార్ అడుగు నుంచి నీరు కారుతోంది, వీడియో జత చేశాను’ అని రాయండి. లోపం లేనప్పుడు ఉందని నొక్కడం తప్పు. దానికి ఇంకో చిక్కు కూడా ఉంది. గోదాములో పరీక్షించి ఏ లోపమూ లేదని తేలితే రిటర్న్ తిరస్కరిస్తారు. వస్తువు మళ్లీ మీ ఇంటికే వస్తుంది, కొందరు రెండు వైపుల చార్జీ వేస్తారు.

పొరపాటున తప్పు కారణం నొక్కేస్తే పికప్ జరగకముందే ఆ రిటర్న్ రద్దు చేసి, గడువు లోపల మళ్లీ సరైన కారణంతో పెట్టుకోవచ్చు. పికప్ అయిపోయాక మాత్రం కస్టమర్ కేర్‌కి రాతపూర్వకంగా చెప్పి, ఆ ఫిర్యాదు నంబరు తీసుకోవాలి.

ఇప్పుడు పాలసీ చదవడం. ఎవరూ మొత్తం చదవరు, నిజంగా మొత్తం చదవక్కర్లేదు కూడా. వెబ్‌సైట్ అడుగుకి వెళ్తే రిటర్న్స్ పేజీ ఒకటి, షిప్పింగ్ పేజీ ఒకటి, టర్మ్స్ పేజీ ఒకటి ఉంటాయి. కోతల సంగతి రిటర్న్స్ పేజీలో లేకుండా షిప్పింగ్ పేజీలో దాగి ఉండటం మామూలే, మూడూ తెరవండి. ఫోన్‌లో క్రోమ్ వాడుతుంటే పైన మూడు చుక్కలు నొక్కి Find in page తెరిచి, ఒక్కొక్కటిగా ఈ మాటలు కొట్టండి:

```
deduct
non-refundable
restocking
reverse pickup
store credit
```

ఏ మాట దొరికినా ఆ చుట్టుపక్కల నాలుగు వాక్యాలు చదవండి. శాతం ఉంటే అది దేని మీద శాతమో చూడండి. మీరు కట్టిన ధర మీదా, పెట్టె మీద రాసిన ఎమ్మార్పీ మీదా? 3,200కి కొన్న మిక్సీ ఎమ్మార్పీ 5,000 ఉంటే పది శాతం 320 కాదు, 500 అవుతుంది. store credit అని ఉంటే డబ్బు బ్యాంకుకి రాదు, వాళ్ల దగ్గరే ఇంకేదో కొనుక్కోవాలి. గడువు చూస్తే డెలివరీ అయిన రోజు నుంచా, ఆర్డరు పెట్టిన రోజు నుంచా అన్నది కూడా చూడండి. మన వైపు కొన్ని ఊళ్లకి సరుకు చేరడానికే వారం పడుతుంది కనుక ఆర్డరు రోజు నుంచి ఏడు రోజులంటే అసలు గడువే లేనట్టు.

ఆ మాటలు కనిపించిన చోట స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కొన్న రోజే. పాలసీ పేజీలు మారుతుంటాయి. తర్వాత గొడవ వచ్చినప్పుడు మీరు కొన్ననాటి రాత ఏమిటన్నదే ముఖ్యం.

చార్జీ కాకుండా కూపన్ వల్ల తగ్గేది కూడా ఒకటుంది, దాన్ని మోసం అనుకోకండి. 900, 700 చొప్పున రెండు చీరలు తీసుకుంటే 1,600. కూపన్‌తో 200 తగ్గింది. ఇప్పుడు 700 చీర వెనక్కి ఇస్తే ఆ 200లో దాని వాటా 87 రూపాయల 50 పైసలు తీసేసి 612.50 ఇస్తారు. అది సరైన లెక్కే.

పికప్ రోజున కుర్రాడు వచ్చి తన ఫోన్‌లో చూపించే ఫోటోతో వస్తువు సరిపోల్చుకుంటాడు. సీరియల్ నంబరు, ట్యాగు, జార్లు, వాటి మూతలు చూస్తాడు. ఏదైనా తేడా ఉంటే ‘క్వాలిటీ చెక్ ఫెయిల్’ కొట్టి వెళ్లిపోతాడు. మిక్సీ అయితే చిన్న చట్నీ జార్ మూత మర్చిపోయినా పికప్ ఆగిపోవచ్చు. అతను రాకముందే అన్నీ పెట్టెలో సర్ది, విప్పి ఉన్న పెట్టెకి, సీరియల్ నంబరుకి ఫోటో తీయండి. వస్తువు అతని చేతిలోకి వెళ్లాకే ఓటీపీ చెప్పండి. రిటర్న్ ట్రాకింగ్ నంబరు రాసుకోండి.

మీ పిన్‌కోడ్‌కి పికప్ లేదంటే ‘మీరే పంపండి’ అంటారు. అప్పుడు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. లోపమున్న సరుకైతే పంపే ముందే ‘పోస్టు ఖర్చు మీరు ఇవ్వాలి’ అని రాసి జవాబు తెచ్చుకోండి. పంపేశాక అడిగితే ఎంతో కొంత గరిష్ఠ పరిమితి చూపిస్తారు.

డబ్బు తక్కువ పడితే మొదట అడగవలసింది విడివిడి లెక్క. దేనికెంత కోశారో చెప్పమనండి. ఆ తర్వాత ఆ వెబ్‌సైట్‌లోనే ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. ఆ పేరు, వివరాలు చూపించడం తప్పనిసరి. 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. మెయిల్ ఇంత ఉంటే చాలు:

“ఆర్డరు నంబరు ఫలానా. నేను కట్టింది 3,370, వచ్చింది 2,670. జార్ అడుగు నుంచి నీరు కారుతున్నందున రిటర్న్ ఇచ్చాను, వీడియో జత చేస్తున్నాను. ఈ-కామర్స్ నిబంధన 7(4) ప్రకారం లోపమున్న సరుకుకి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలి. మిగిలిన 700 జమ చేయండి, లేదా దేని ఆధారంగా కోశారో రాతపూర్వకంగా చెప్పండి.”

జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్లు కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు తెప్పిస్తారు, అంతే. ఆదేశం ఇచ్చే అధికారం వాళ్లకి లేదు. అది ఇచ్చేది జిల్లా వినియోగదారుల కమిషన్. శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా ఉంది. అమ్మినవాడు ముంబయిలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా మీరు ఉండే చోటే వేయొచ్చు, 2019 చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. దానికి కావలసినవి ఇవే: బిల్లు, కొన్ననాటి పాలసీ స్క్రీన్‌షాట్, లోపం కనబడే వీడియో, పికప్ ట్రాకింగ్ నంబరు, బ్యాంకులో పడిన సొమ్ము చూపే స్టేట్‌మెంటు, గ్రీవెన్స్ ఆఫీసర్‌తో జరిగిన మెయిళ్లు.