క్లబ్‌లో మాయమయ్యే బేస్: మోనో చేయాల్సింది ఎక్కడ?

వ్యాఖ్యాత: నమస్కారం. హెడ్‌ఫోన్స్‌లో నిండుగా వినిపించిన బేస్‌లైన్ క్లబ్‌లో వేసేసరికి కొన్ని స్వరాల దగ్గర పలచబడిపోతోందని చాలామంది ప్రొడ్యూసర్లు చెబుతుంటారు. సార్, అక్కడ అసలు జరుగుతున్నదేమిటి?

ఇంజనీర్: చాలా క్లబ్‌లలో ఎడమ, కుడి చానెళ్లను కలిపి, సబ్‌వూఫర్లకు ఒకే మోనో సిగ్నల్ పంపుతారు. సుమారు 80 నుంచి 100 హెర్ట్జ్ లోపు శబ్దమంతా ఆ సబ్‌ల నుంచే వస్తుంది. రెండు చానెళ్లలో బేస్ ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు. కానీ ఒకదానిలో తరంగం పైకి లేచే వేళకు రెండోదానిలో కిందికి దిగుతూ ఉంటే, కలిపిన చోటే రెండూ రద్దయిపోతాయి. హెడ్‌ఫోన్స్‌లో ఏ చెవికి ఆ చానెలే వినిపిస్తుంది కాబట్టి ఆ నష్టం మనకు తెలియదు.

వ్యాఖ్యాత: ఒక ఉదాహరణతో వివరిస్తారా?

ఇంజనీర్: బేస్‌ను వెడల్పు చేయడానికి కుడి చానెల్‌ను 10 మిల్లీసెకన్లు ఆలస్యం చేశారనుకోండి. 49 హెర్ట్జ్ దగ్గరుండే జీ స్వరానికి ఒక ఆవర్తనం పూర్తికావడానికి దాదాపు 20 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మనం పెట్టిన ఆలస్యం దాదాపు అందులో సగం. మోనో చేస్తే ఆ స్వరం సుమారు 30 డెసిబెళ్లు పడిపోతుంది, అంటే దాదాపు వినిపించదు. అదే బేస్‌లైన్‌లో 65 హెర్ట్జ్ దగ్గరుండే సీ స్వరం మాత్రం ఆరేడు డెసిబెళ్లే తగ్గుతుంది. అందుకే బేస్ మొత్తం తగ్గినట్టు కాకుండా, ఒక్కో స్వరం ఒక్కోలా మోగుతున్నట్టు అనిపిస్తుంది. దాన్ని కంప్రెసర్‌తో సరిచేయబోతే సమయం వృథా అవుతుంది.

వ్యాఖ్యాత: అయితే మాస్టర్ మీద ఏబుల్టన్ లైవ్‌లోని Utility అనే ఎఫెక్ట్ పెట్టి, అందులోని Bass Mono నొక్కి, 120 హెర్ట్జ్ దగ్గర వదిలేస్తే సరిపోదా?

ఇంజనీర్: చాలామంది పొరబడేది ఇక్కడేనండి. ఆ బటన్ కూడా రెండు చానెళ్లను కలపడమే చేస్తుంది. క్లబ్‌లో జరగాల్సిన రద్దు మీ ఫైల్‌లోనే జరిగిపోతుంది. పోయిన జీ స్వరం తిరిగి రాదు. కాకపోతే ఆ నష్టం మీ గదిలోనే మీకు వినిపిస్తుంది, ఆ మేరకు మేలే. అసలు మరమ్మతు మాత్రం బేస్ ట్రాక్‌లోనే చేయాలి. దాన్ని రెండు పొరలుగా విడదీయండి. కింది పొరకు యూనిసన్, కోరస్, డిలే ఏవీ లేకుండా ఒకే ఆసిలేటర్‌తో మోనో సబ్ ఉంచండి. పై పొరను 120 హెర్ట్జ్ వద్ద హై‌పాస్ చేసి, వెడల్పునంతా దానికే ఇవ్వండి. రెండు పొరలు కలిసే చోట ఫేజ్ తేడా రావచ్చు కాబట్టి, ఒక పొర పొలారిటీని తిప్పి, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేసి వినండి, ఏ స్థితిలో బేస్ నిండుగా ఉంటే దాన్నే ఉంచుకోండి.

వ్యాఖ్యాత: 120 అనే అంకె అన్ని పాటలకూ పనికొస్తుందా?

ఇంజనీర్: రాదు. మీ బేస్‌లైన్‌లో అన్నిటికంటే పై స్వరం ఎంత ఉందో చూడండి. అది 98 హెర్ట్జ్ అయితే 120 సరిపోతుంది. అదే 130 దాకా వెళ్తే, 120 దగ్గర గీత గీసినప్పుడు కొన్ని స్వరాలు మధ్యలో, కొన్ని పక్కలకు పరచుకుని వినిపిస్తాయి. అప్పుడు 150 దాకా జరపాల్సిందే. అలాగని 250 దాకా తీసుకెళ్తే ప్యాడ్‌ల, గిటార్ల అడుగు భాగం కూడా మధ్యకు కుంచించుకుపోయి మిక్స్ ఇరుకవుతుంది. నా మట్టుకు నేను అవసరం తీరే అంకెల్లో అన్నిటికంటే చిన్నదాన్నే ఎంచుకుంటాను.

వ్యాఖ్యాత: చివరికి వెడల్పును ఎలా పరీక్షిస్తారు? రెండు చానెళ్లు ఎంత ఒకేలా ఉన్నాయో చూపే కోరిలేషన్ మీటర్ ప్లస్ ఒకటి వైపు ఉంటే చాలా?

ఇంజనీర్: దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. కిక్, బేస్ మోనోలో బలంగా ఉంటే ముల్లు ఎప్పుడూ ప్లస్ ఒకటికి దగ్గరగానే నిలబడుతుంది, ఆ బలం వెనక మైనస్‌లో ఉన్న ప్యాడ్ దాగిపోతుంది. అందుకే మీటర్‌కు ముందు ఫిల్టర్ పెట్టి, బేస్‌ను, మధ్య భాగాన్ని, పై భాగాన్ని విడివిడిగా చూడాలి. బేస్‌కు ఇంకో సూటి పరీక్ష ఉంది. కుడి చానెల్ పొలారిటీని తిప్పి, మోనో చేసి, 120 హెర్ట్జ్ లోపు మాత్రమే వినండి. రెండు చానెళ్లలోనూ ఒకేలా ఉన్నదంతా రద్దయిపోతుంది కనుక, మిగిలి వినిపించేదే మీ స్టీరియో బేస్. అక్కడ కిక్ తోక వినిపిస్తే దాని మీద రివర్బ్ వెతకండి, బేస్ స్వరాలు వినిపిస్తే కోరస్ వెతకండి. ఆ తర్వాత పొలారిటీని యథాస్థితికి తెచ్చి, ఫిల్టర్ తీసేసి, మొత్తం మిక్స్‌ను మోనోలో వినండి. లీడ్, ప్యాడ్ కొంచెం వెనక్కి జరిగితే ఫరవాలేదు. రెండు చానెళ్లలో సంబంధం లేకుండా ఉన్న శబ్దం మోనోలో మూడు డెసిబెళ్లు తగ్గడం సహజం. కానీ పాటను నడిపించే రాగమే వినబడకుండా పోతే, ఆ ట్రాక్ Width తగ్గించాలి.

వ్యాఖ్యాత: ఇంత చేసినా క్లబ్‌లో ఒక మూల బేస్ తక్కువగా ఉంటే?

ఇంజనీర్: అది మీ ఫైల్ తప్పు కాకపోవచ్చు. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. వేదికకు రెండు వైపులా సబ్‌లు పెట్టినప్పుడు, ఒకే మోనో సిగ్నల్ అయినా హాలులో కొన్ని చోట్ల కలిసి బలపడుతుంది, కొన్ని చోట్ల రద్దవుతుంది. దాన్ని సరిచేయాల్సింది సిస్టమ్ పెట్టినవారు. మీరు హాలు మధ్యలోకి వెళ్లి ఒకసారి వినండి: జీ, సీ రెండూ అక్కడ సమానంగా మోగుతున్నాయంటే మిక్స్‌ను ఇక ముట్టుకోకండి.