కొత్త ఖాతాకు తొలి పెద్ద చెల్లింపు: బ్యాంకు ఎందుకు ఆపుతుంది?

అందరికీ నమస్కారం. నేను ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకు బ్రాంచిల్లో పనిచేసి పదవీ విరమణ చేశాను. చివరి ఏళ్లలో నా బల్ల ముందు కూర్చుని ఖాతాదారులు పడిన కోపాల్లో ఒకటి నన్ను ఇప్పటికీ వదలలేదు. "నా డబ్బు, నా ఖాతా, నా పాస్‌వర్డు, నా ఓటీపీ. మధ్యలో మీరెవరు ఆపడానికి?" ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ఆనాడు హడావిడిలో ఇవ్వలేకపోయిన జవాబును ఈరోజు తీరిగ్గా చెప్పాలని వచ్చాను.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. భార్యాభర్తలిద్దరూ ఇంటి స్థలం కొంటున్నారు. మొత్తం 42 లక్షలు. రెండు లక్షలు బయానాగా చెక్కు రూపంలో ముందే ఇచ్చారు. మిగతా 40 లక్షలు రిజిస్ట్రేషన్ రోజున నెట్ బ్యాంకింగ్‌లో పంపాలని అనుకున్నారు. ఉదయం పది దాటాక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం వరండాలో కూర్చుని, అమ్మే ఆయన ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు అడిగి ఫోనులో బెనిఫిషియరీగా, అంటే డబ్బు అందుకునే ఖాతాగా, చేర్చారు. ఓటీపీ వచ్చింది, కొట్టారు, ఖాతా చేరింది. 40 లక్షలని టైపు చేసి పంపబోతే ఫోను ఒప్పుకోలేదు. కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి 24 గంటల్లో 50,000 రూపాయలకు మించి పంపడం కుదరదని చూపించింది.

తర్వాత వాళ్లు చేసిన ప్రయత్నాలు చాలామంది చేసేవే. ముందు 50,000 పంపారు, వెళ్లింది. మళ్లీ 50,000 పంపబోయారు, వెళ్లలేదు. ఆ పరిమితి ఒక్కో చెల్లింపుకు కాదు, 24 గంటల్లో పంపే మొత్తానికి. నెఫ్ట్ అనే పద్ధతి వదిలి ఐఎంపీఎస్‌లో ప్రయత్నించారు, కుదరలేదు. దారి మార్చినా చేరే ఖాతా అదే కాబట్టి లెక్క కూడా అదే. చివరికి, చేర్చడంలో పొరపాటు జరిగిందేమో అనుకుని ఆ ఖాతాను తీసేసి మళ్లీ చేర్చారు. అన్నిటికంటే నష్టం చేసింది ఈ పనే. గడియారం అప్పటికే గంటకు పైగా తిరిగింది. తీసేసి మళ్లీ చేర్చగానే మళ్లీ మొదటి నిమిషం నుంచి మొదలైంది.

పదకొండున్నరకు మా బ్రాంచికి పరుగున వచ్చారు. ఆయన సంచిలో అదృష్టవశాత్తు చెక్కు పుస్తకం ఉంది. ఆర్‌టీజీఎస్ దరఖాస్తు నింపి, 39 లక్షల 50 వేలకు చెక్కు జతచేసి ఇచ్చారు. సంతకం సరిచూశాం. ఒక ఉద్యోగి వివరాలు ఎక్కించారు, ఇంకొకరు సరిచూసి ఆమోదించారు. ఒంటిగంట లోపే అమ్మే ఆయనకు డబ్బు పడినట్లు సందేశం వచ్చింది. నెట్ బ్యాంకింగ్‌లో ఉన్న ఆ పరిమితి కౌంటరు దగ్గర లేదు. మనిషి ఎదురుగా ఉన్నాడు, సంతకం ఉంది, చూసే కళ్లు రెండు జతలు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఆ మధ్యాహ్నమే అయింది. కానీ ఆయన వెళ్తూ అడిగిన ప్రశ్నే నేను మొదట చెప్పినది.

ఇప్పుడు అదే దృశ్యాన్ని బ్యాంకు కంప్యూటరు వైపు నుంచి చూడండి. దానికి వరండా కనిపించదు, భార్యాభర్తలు కనిపించరు. దానికి కనిపించేది ఇంతే: ఒక ఖాతాలోకి సరైన పాస్‌వర్డుతో ఎవరో ప్రవేశించారు. ఇంతకుముందు ఎన్నడూ డబ్బు పంపని ఖాతాను చేర్చారు. సరైన ఓటీపీ కొట్టారు. వెంటనే ఖాతాలో ఉన్నదంతా ఆ కొత్త చోటికి పంపబోయారు. దొంగ చేసే పని కూడా అక్షరాలా ఇదే. ఖాతాదారు ఫోనులో తెరను పంచుకునే యాప్ పెట్టించినవాడు, ఫోన్ నంబరుకు నకిలీ సిమ్ తీసుకున్నవాడు, కేవైసీ పేరుతో లింకు పంపి పాస్‌వర్డు లాగినవాడు, వీళ్లందరూ చివరికి వచ్చేది ఈ ఒక్క మెట్టు దగ్గరికే. మీ జాబితాలో ఇప్పటికే ఉన్న ఖాతాలు మీ అబ్బాయిదో, ఇంటి యజమానిదో, చిట్టీ కంపెనీదో. వాటికి పంపితే దొంగకు ఒరిగేదేమీ లేదు. పెద్ద మొత్తం లాగాలంటే దొంగ తన ఖాతాను మీ జాబితాలో చేర్చి తీరాలి. అందుకే బ్యాంకులు కాపలా ఆ గుమ్మం దగ్గర పెట్టాయి.

మరి ఓటీపీ ఉండగా ఈ కాపలా ఎందుకు? ఓటీపీ ఎవరి చేతిలో ఉందో దాన్ని చూసి తెలియదు కాబట్టి. నిజమైన ఖాతాదారుకూ దొంగకూ ఆ నిమిషంలో యంత్రం చూడగల తేడా ఏదీ లేదు. తేడా తెలియాలంటే కొంత సమయం గడవాలి. ఖాతాను చేర్చిన వెంటనే బ్యాంకు మీకు సందేశం పంపుతుంది, కొన్ని బ్యాంకులు మెయిలు కూడా పంపుతాయి. చేర్చింది మీరే అయితే ఆ సందేశాన్ని పట్టించుకోరు. చేర్చింది మీరు కాకపోతే, దాన్ని చూసి బ్యాంకుకు ఫోన్ చేసే వ్యవధి మీకు కావాలి. రాత్రి రెండింటికి చేర్చితే మీరు నిద్ర లేచేదాకా ఆ వ్యవధి ఉండాలి. 24 గంటలు అన్న లెక్క వెనక ఉన్న ఆలోచన ఇదే: మనిషి ఒక పగలు, ఒక రాత్రి గడిపేలోగా ఒక్కసారైనా ఫోను చూసుకుంటాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ వ్యవధి డబ్బు వెళ్లక ముందే ఉండాలి, వెళ్లాక ఉండి లాభం తక్కువ. ఐఎంపీఎస్‌లో డబ్బు క్షణాల్లో చేరుతుంది. ఆర్‌టీజీఎస్‌లో సందేశం అందిన అరగంటలోపు అవతలి బ్యాంకు జమ చేయాలి. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు నుంచి ఆర్‌టీజీఎస్ పగలూ రాత్రీ, సెలవు రోజుల్లోనూ నడుస్తున్నాయి. మనకు ఇదెంత సౌకర్యమో దొంగకూ అంతే. చేరిన డబ్బు ఆ ఖాతాలో నిలవదు. అది ఎవరికో కొద్దిపాటి కమీషన్ ఇచ్చి అద్దెకు తీసుకున్న ఖాతా. బ్యాంకుల్లో దాన్ని మ్యూల్ ఖాతా అంటారు. అక్కడి నుంచి నాలుగైదు ఖాతాలకు చీలి, ఏటీఎంలలో నోట్లుగా బయటికి వస్తుంది. సైబర్ మోసాల ఫిర్యాదులకు ఉన్న 1930 నంబరుకు మీరు ఫోన్ చేస్తే, దారిలో ఇంకా మిగిలిన డబ్బునే ఆపగలరు. నోట్లుగా మారినదాన్ని ఆపలేరు.

బ్యాంకుల స్వార్థం కూడా ఇందులో ఉంది, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా, వ్యవస్థలో ఇంకెక్కడో జరిగిన లోపం వల్ల డబ్బు పోయి, బ్యాంకు సందేశం అందిన మూడు పనిదినాల్లో ఖాతాదారు ఫిర్యాదు చేస్తే, నష్టం ఆయన మీద పడదు. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే భారం బ్యాంకుదే. పాస్‌వర్డో ఓటీపీయో ఖాతాదారే ఇచ్చి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం ఆయనదే. ఫిర్యాదు అందిన తర్వాత జరిగినది మాత్రం బ్యాంకుదే. అంటే ఒక ఖాతా నుంచి మొదటి రోజున పోగలిగినది 40 లక్షలా, 50 వేలా అన్నది బ్యాంకు సొంత లెక్క కూడా. పరిమితి సున్నా కాకుండా 50 వేలు దగ్గర ఉండడానికి కారణం కూడా అక్కడే ఉంది. ఆసుపత్రికో కాలేజీ ఫీజుకో అప్పటికప్పుడు పంపే అవసరాలు తీరాలి, పోతే భరించగలిగేంతే పోవాలి. ఈ అంకె, ఈ గంటలు అన్ని బ్యాంకుల్లో ఒకటి కావు. కొన్నిచోట్ల చేర్చిన తర్వాత అరగంటో కొన్ని గంటలో ఏమీ పంపనివ్వరు. కొన్నిచోట్ల పెద్ద మొత్తానికి కొన్ని రోజులు ఆగాలి. మీ బ్యాంకులో ఎంతో ముందే తెలుసుకోండి.

పరిమితి ఒక్కో కొత్త ఖాతాకు విడిగా ఉన్న చోట ఒక కంత ఉంటుంది. దొంగ ఒకేసారి ఎనిమిది ఖాతాలు చేర్చి, ఒక్కోదానికి 50 వేలు పంపితే నాలుగు లక్షలు పోతాయి. 2013 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు దీన్ని ఊహించింది. ఒక రోజులో ఎన్ని కొత్త ఖాతాలు చేర్చవచ్చో పరిమితి పెట్టే విషయం పరిశీలించాలని, చేర్చిన ప్రతిసారీ ఖాతాదారుకు సందేశం వెళ్లే ఏర్పాటు ఉండాలని బ్యాంకులకు సూచించింది. మీ ఫోనుకు వరసగా మూడు నాలుగు కొత్త ఖాతాలు చేరాయని సందేశాలు వస్తే, అది ఈ కంతలోంచి దూరే ప్రయత్నమే.

ఈ కాపలా ఆపలేనిది కూడా ఉంది. డిజిటల్ అరెస్టు పేరుతో జరిగే మోసంలో డబ్బు పంపేది ఖాతాదారే. పోలీసు వేషంలో వీడియోలో కనిపించేవాడు ఆయనను రోజుల తరబడి ఒంటరిగా గదిలో కూర్చోబెడతాడు. 24 గంటలు ఆగమని బ్యాంకు అంటే వాడు కూడా ఆగుతాడు. లేదా, నేను ఇందాక మంచి మార్గంగా చెప్పిన ఆ చెక్కు, ఆ ఆర్‌టీజీఎస్ దరఖాస్తుతోనే బ్రాంచికి పంపిస్తాడు. అక్కడ పట్టుకోగలిగేది కౌంటరులో కూర్చున్న మనిషి మాత్రమే. డెబ్బై ఏళ్ల ఆయన, ఎన్నడూ పంపని ఊరికి, డిపాజిట్లన్నీ రద్దు చేసి పంపుతుంటే, ఎందుకు అని అడిగిన ఉద్యోగి మీద దయచేసి కోప్పడకండి.

ఇక మీలో స్థలమో ఇల్లో కొనబోయేవారికి. రిజిస్ట్రేషన్ సోమవారం అయితే, అమ్మేవారి ఖాతాను శనివారమే చేర్చండి. ఆగాల్సింది 24 గంటలే అయితే ఆదివారం సాయంత్రానికే పూర్తవుతుంది. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పంపేటప్పుడు ఆ నంబరు మీద బ్యాంకులో ఉన్న పేరును చూసుకునే సౌకర్యం ఉంది. ఆ పేరు దస్తావేజులోని పేరుతో కలుస్తుందో లేదో చూడండి. జమ మాత్రం ఇప్పటికీ ఖాతా నంబరు మీదే జరుగుతుంది, ఒక అంకె తప్పితే డబ్బు ఇంకెవరికో వెళ్లవచ్చు. తర్వాత ఒక్క రూపాయి పంపి, అందిందని అమ్మేవారి నోటితో వినండి. ఒకసారి చేర్చినదాన్ని తీసేయకండి. మీ నెట్ బ్యాంకింగ్ రోజువారీ పరిమితి మీరు పంపబోయే మొత్తానికి సరిపోతుందో లేదో కూడా ఆ శనివారమే చూసుకోండి. కూలింగ్ పీరియడ్ అనే ఈ ఆగాల్సిన వ్యవధి దాటినా ఈ రెండో పరిమితి దగ్గర ఆగిపోయినవారిని నేను చూశాను. ఏదైనా తేడా వస్తే పనికొస్తుంది, సోమవారం ఉదయం చెక్కు పుస్తకం సంచిలో పెట్టుకుని బయలుదేరండి.