60 రెట్ల భూతద్దం రివ్యూ: లక్క పెట్టె మీద కుంచె పనా, ప్రింటా?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ భూతద్దం కంపెనీ వాళ్లు ఊరికే పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. బరువెంత, ఏ బ్యాటరీ, డబ్బాలో ఏమేం వస్తాయి అన్నవి ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను వాటి జోలికి పోను. లక్క పెట్టెనో చెక్క బొమ్మనో చేతిలోకి తీసుకున్నప్పుడు, దాని మీది డిజైన్ కుంచెతో వేసిందా, ప్రింటా అన్నది దీంతో తేలుతుందా లేదా? నాకు కావాల్సింది అదొక్కటే.

ఆ 60 రెట్లు అన్న మాట నమ్మకండి. మిల్లీమీటర్ల స్కేలు కింద పెట్టి, నా పాత 10 రెట్ల లూప్‌తో, అంటే కంటి దగ్గర పెట్టుకుని చూసే చిన్న భూతద్దంతో, పోల్చి చూశాను. గీతలు కొంచెం పెద్దగా కనపడ్డాయి, అంతే. ఆరింతలైతే లేదు. అయినా మన పనికి 10 రెట్లు చాలు. అంతకు మించితే కనిపించే జాగా చిన్నదైపోతుంది, చెయ్యి కొంచెం కదిలినా ఫోకస్ పోతుంది.

ఇక నాకు చిరాకు తెప్పించిన విషయం, లైటు. అద్దం తెరవగానే చుట్టూ ఉన్న తెల్ల లైటు దానంతటదే వెలుగుతుంది. ఆపాలంటే స్విచ్ రెండుసార్లు నొక్కాలి, మధ్యలో యూవీ లైటు వచ్చి పోతుంది. మూసి తెరిస్తే మళ్లీ మొదటికే. ఇంత చిన్న విషయానికి గొడవెందుకు అనుకోకండి. లక్క పూత నున్నగా మెరుస్తుంది కదా. దాని మీద లైటు నేరుగా పడితే కనపడేది తెల్లటి రింగే. రంగు ఎత్తుగా ఉందా, చదునుగా ఉందా అన్నది అసలు తెలీదు. అందుకే తెల్ల లైటు ఆపేసి, ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకోవాలి. అప్పుడు కుంచె గీత అంచున చిన్న గట్టు, గీత ఆగిన చోట రంగు పోగైన బొట్టు, వాటి నీడతో సహా కనిపిస్తాయి.

ఇప్పుడు ఈ పెట్టె చూడండి. తెలిసినాయన ఒకరు చూడమని ఇచ్చారు. గుండ్రటి చెక్క పెట్టె, నల్ల లక్క, మూత మీద కొమ్మ మీద వాలిన పిట్ట, చుట్టూ బంగారు రంగు ఆకులు. పాతది, మొత్తం చేతిపని అని అమ్మారట. పక్క నుంచి లైటు వేస్తే పిట్ట రెక్కల మీద బంగారు గీతలు పైకి లేచి కనిపిస్తున్నాయి, చూశారా? అవి నిజంగానే కుంచె గీతలు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, చేతిపనే అని తేల్చేస్తారు.

ఆగకండి. బంగారు గీతల మధ్య పిట్ట పొట్ట దగ్గరికి రండి. నేను తిట్టిన తెల్ల లైటే ఇక్కడ పనికొస్తుంది. మామూలు కంటికి లేత నారింజ రంగు. అద్దంలో చూస్తే గులాబీ చుక్కలు, పసుపు చుక్కలు వరసల్లో ఉన్నాయి, ముదురు నీడ ఉన్న చోట నల్ల చుక్కలు చేరాయి. ఇది ఆఫ్‌సెట్ ప్రింట్. చిత్రకారుడు నారింజ కావాలంటే కలుపుకుని వేస్తాడు, ఇలా చుక్కలుగా విడగొట్టడు. అంటే అచ్చయిన పిట్టను అంటించి, పైన నాలుగు బంగారు గీతలు చేత్తో దిద్ది, మందంగా వార్నిష్ పోశారు. రష్యాలోని పాలెఖ్ పెట్టెల పేరుతో తిరిగే నకళ్లలోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది. అసలు పాలెఖ్ పని అయితే కాగితపు గుజ్జు పెట్టె మీద, గుడ్డుసొన కలిపిన రంగులతో వేస్తారు.

చుక్కలు లేకపోతే మాత్రం చేతిపనే అనుకోవద్దు. ఇంక్‌జెట్‌లో చుక్కలు వరసలో ఉండవు, చిందినట్టు పడతాయి. స్క్రీన్ ప్రింట్‌లో అయితే చాలాసార్లు ఒక్కో రంగు నిండుగా పరుచుకుంటుంది, చుక్కే ఉండదు. అలాంటప్పుడు నేను అంచు డిజైన్ చూస్తాను. ఒకేలా ఉండాల్సిన రెండు ఆకులు పట్టుకుని, ఒకదాని వంపు, కొన, చిన్న లోపం రెండోదాంట్లో వెతుకుతాను. ఆ లోపం కూడా అచ్చంగా రెండోదాంట్లో కనబడితే అది ప్రింటే. చేత్తో వేసే మనిషి చుట్టూ వేసుకుంటూ వచ్చి, మొదలుపెట్టిన చోటుకి చేరేసరికి జాగా సరిపోదు, లేదా మిగిలిపోతుంది. అక్కడ ఒక ఆకు ఇరుకుగానో సాగినట్టో ఉంటుంది. నాకు చేతిపనిలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే!

యూవీ లైటు గురించి ఒక్క మాట. కాగితం తెల్లగా కనపడటానికి కలిపే రసాయనం యూవీ కింద నీలంగా మెరుస్తుంది. 1950ల తర్వాతి కాగితాల్లో ఇది మామూలు. పైన మందమైన వార్నిష్ ఉంటే మెరుపు బయటికి రాదు, కాబట్టి పెచ్చు ఊడిన చోట చూడాలి. ఈ మూత అంచున ఒక చిన్న పెచ్చు ఊడింది. అక్కడ సన్నటి నీలం గీత కనిపిస్తోంది. అంటే పిట్ట కాగితం మీదే ఉంది.

మరి పాతదా? పెట్టె తిరగేయండి. అడుగు మధ్యలో కొంచెం లోపలికి తవ్వి ఉంది. బల్ల మీద పెడితే ఆ భాగం దేనికీ తగలదు. అయినా అక్కడ కూడా గీతలున్నాయి, అన్నీ ఒకే దిక్కులో, ఒకే లోతులో. గీతల అడుగున చెక్క తెల్లగా, కొత్తగా ఉంది. ఇది ఉప్పు కాగితం పని. నిజంగా వాడిన పెట్టెకైతే బల్లకు ఆనే అంచు అరుగుతుంది, గీతలు అన్ని దిక్కులా ఉంటాయి, పాత గీతల్లో మురికి దిగి నల్లబడుతుంది.

పోల్చడానికి నా దగ్గరున్న ఈ చక్రాల గుర్రం చూడండి. ముక్కు మీద, వీపు మీద రంగు పోయింది, చెవుల కింద మాత్రం నిండుగా ఉంది. అరిగిన చోట అంచు ఒక్కసారిగా తెగలేదు. పై రంగు పలచబడి, కింది పూత కనపడి, ఆ తర్వాత చెక్క వస్తుంది. ఆ చెక్క కూడా చేతులు తగిలి గోధుమ రంగుకి తిరిగి నున్నబడింది. చక్రం కన్నం కోలగా సాగింది. ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. కానీ అరుగుదల చెప్పేది వాడకం గురించే, ఏళ్ల గురించి కాదు. పిల్లలు కొన్నేళ్లు ఈడ్చుకుని తిరిగిన బొమ్మ, బీరువాలో తరం గడిపిన బొమ్మ కంటే పాతగా కనిపిస్తుంది.

వయసుకి ఇంకో ఆధారం ఉంది, దానికి ఈ భూతద్దం అక్కర్లేదు, వెర్నియర్ కాలిపర్ కావాలి. పలక నుంచి కోసి తరిణి అనే లేత్ మిషన్ మీద గుండ్రంగా తిప్పిన మూత అయితే, చెక్క ఎండేకొద్దీ నారకు అడ్డంగా కుదించుకుపోతుంది, నార వెంట దాదాపు కుదించుకోదు. కాబట్టి నార వెంట ఒకసారి, నారకు అడ్డంగా ఒకసారి కొలిస్తే పాత మూత కొంచెం కోలగా తేలుతుంది. పచ్చి చెక్కతో చేస్తే కొత్తదీ కోలగా మారుతుంది కాబట్టి, దీన్ని అరుగుదలతో కలిపి చూడండి. ఈ పిట్ట పెట్టె మూత రెండు వైపులా ఒకటే కొలత వచ్చింది.

సరే, కొనాలా వద్దా? అద్దం బాగుంది, అంచుల్లో కూడా చుక్కలు చెదరకుండా కనిపిస్తాయి. యూవీ ఉండటం నిజంగా పనికొచ్చింది. కానీ తెరిచిన ప్రతిసారీ ఆ లైటుతో కుస్తీ నా వల్ల కాదు. మొదటిసారి కొనేవాళ్లయితే లైటు లేని మంచి 10 రెట్ల లూప్, విడిగా ఒక చిన్న యూవీ టార్చ్ తీసుకోండి. ఇది ఇప్పటికే కొనేసి ఉంటే, లైటు రింగు మీద సగానికి నల్ల టేపు అతికించండి. వెలుగు ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి కుంచె గట్టు కొంతవరకు కనిపిస్తుంది. నేను అదే చేశాను.