మీ నెగెటివ్ మార్కుల లెక్క మీ మాక్ టెస్టుల్లోనే ఉంది

అందరికీ నమస్కారం. నీట్ రాసే పిల్లలకు మనం తరచుగా చెప్పే మాట, "డౌట్ ఉంటే వదిలేయి, నెగెటివ్ పడుతుంది." చాలా ఏళ్లు నేనూ అదే చెప్పాను. ఆ మాట ఎవరికి మేలు చేస్తుంది, ఎవరి మార్కులు పోగొడుతుంది అన్నది ఒక్కో విద్యార్థి లెక్క చూస్తే తప్ప తెలియదు. ఆ లెక్క ఎలా తీయాలో ఈరోజు చెబుతాను.

నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. అంటే అయిదు ప్రశ్నల్లో ఒకటి ఒప్పై నాలుగు తప్పైతే మీకు వచ్చేది సున్నా, పోయేదీ సున్నా. అయిదింట ఒకటి కంటే ఎక్కువ ఒప్పు చేయగలిగిన రకం ప్రశ్నను వదలకూడదు. ఈ గీత పరీక్షను బట్టి మారుతుంది. తప్పుకు మూడో వంతు కోసే పరీక్షల్లో అది నాలుగింట ఒకటి. ఎప్‌సెట్‌లో నెగెటివ్ లేదు కాబట్టి అక్కడ ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉండకూడదు.

ఇక ఈ లెక్క రాసుకునే షీట్ సంగతి. మాక్ రాసేటప్పుడే, జవాబు పెట్టిన వెంటనే, ప్రశ్న పక్కన ఒక గుర్తు వేయండి. ఖాయమైతే టిక్కు, రెండు ఆప్షన్ల మధ్య ఆగిపోతే 2, ఒక్క ఆప్షన్ మాత్రమే కొట్టేయగలిగితే 3, ఏమీ తెలియకపోతే సున్నా. కీ చూశాక వేసిన గుర్తు పనికిరాదు, ఎందుకంటే అప్పుడు అన్నీ తెలిసినవిగానే అనిపిస్తాయి. మరి ఖాళీగా వదిలిన వాటి సంగతి? టైమ్ అయిపోయాక, కీ తీయకముందు, అయిదు నిమిషాల్లో వాటికి ఎర్ర పెన్నుతో జవాబు పెట్టండి. వాటిని స్కోరులో కలపొద్దు, షీట్‌లో మాత్రం రాయండి. అయిదు నిమిషాలు దాటితే తీరిగ్గా ఆలోచించి ఒప్పు చేస్తారు, ఆ లెక్క పరీక్ష హాల్లో నిలవదు.

ఒక అమ్మాయి అయిదు మాక్‌ల షీట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. బయాలజీలో 2 గుర్తు ఉన్నవి, భయపడి ఖాళీగా వదిలినవి, మొత్తం 70. ఎర్ర పెన్నుతో పెట్టిన జవాబుల్లో 41 ఒప్పు, 29 తప్పు. 41 ఒప్పులకు 164 మార్కులు, అందులో 29 తీసేస్తే 135. ఒక్కో మాక్‌లో 27 మార్కులు ఆ పిల్ల ఖాళీ బబుళ్లలో వదిలేసి వస్తోంది. వదిలేయమని చెప్పిన వాళ్లలో నేనూ ఉన్నానని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఫిజిక్స్‌లో దీనికి తిరగబడింది. లెక్క చేసి, వచ్చిన జవాబు ఏ ఆప్షన్‌కూ సరిపోకపోతే దగ్గరగా ఉన్నది పెట్టేసేది. అలాంటివి 40. ఒప్పయినవి 5. పేపర్ తయారుచేసేవాళ్లు ఎక్కడ పొరపాటు చేస్తారో ఊహించి ఆప్షన్లు ఇస్తారు కాబట్టి సగం తప్పిన లెక్క సరిగ్గా వాళ్లు పెట్టిన చోటికే తీసుకెళ్తుంది. అయితే ఇక్కడ తొందరపడొద్దు. 40లో గీత 8, వచ్చినవి 5. ఆ మూడు ప్రశ్నల తేడా అదృష్టం వల్ల కూడా రావచ్చు. 30, 40 ప్రశ్నలు పోగవకుండా ఏ రకం ప్రశ్నల మీదా నిర్ణయం తీసుకోకండి. ఆమె చేత వీటిని వదిలించడానికి నాకు బలంగా కనిపించిన కారణం టైమ్. ఒక్కోదానికి మూడు, నాలుగు నిమిషాలు పోతున్నాయి, మార్కు రావడం లేదు.

అసలు నష్టం ఎవరూ వెతకని చోట దొరికింది, టిక్కు పెట్టిన కెమిస్ట్రీలో. 140 ఖాయం అనుకుంది, 24 తప్పాయి. తెలిసిన ప్రశ్న తప్పితే రావాల్సిన 4 పోయి, పైగా ఒకటి కోత. అంటే ఒక్కోటి 5 మార్కులు, అయిదు మాక్‌లకు 120. ఫిజిక్స్ ఊహల వల్ల పోయింది అన్నీ కలిపి 15. పిల్లలు నెగెటివ్ అంటే గెస్ వల్లే అనుకుంటారు. ఆ 24 తీసి ఒక్కొక్కటీ చూశాం. 13 చోట్ల ప్రశ్న "సరికానిది ఏది" అని అడిగితే ఈమె సరైనది పెట్టింది. 7 యూనిట్లు, కూడికల పొరపాట్లు. నిజంగా తప్పుగా నేర్చుకున్నవి నాలుగే. మొదటి 13కి మందు చదువు కాదు. ఆప్షన్లు చూడకముందే "సరికానిది" అన్న మాట చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీయడం.

ఆమె షీట్ చివరికి మూడు వాక్యాలైంది. బయాలజీలో రెండు మిగిలితే పెట్టేయి. ఫిజిక్స్ జవాబు ఆప్షన్‌కు సరిపోకపోతే వదిలి ముందుకెళ్లు. కెమిస్ట్రీలో ముందు గుండ్రం గీయి. తర్వాతి మూడు మాక్‌లలో కెమిస్ట్రీ టిక్కులు 84, తప్పులు 5.

మీ పిల్లవాడికి ఈ మూడు వాక్యాలు ఇవ్వకండి. మరో అబ్బాయి షీట్‌లో బయాలజీ 2 గుర్తులు 50 ఉంటే 9 ఒప్పాయి. మొదట ఎంచుకున్నదాన్ని చివరి నిమిషంలో మార్చే అలవాటు అతనిది. అతని షీట్‌లో మొదటి వాక్యం వేరే ఉంటుంది.